చీకటి పడగానే ఆఫీసు వైఫై పడిపోతోందా? పీఓఈ స్విచ్ వాట్లు ఇలా లెక్కకట్టండి

నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు అందించే స్విచ్‌ను పీఓఈ స్విచ్ అంటారు. పెట్టె మీద ‘పోర్టుకు 30 వాట్లు’ అని చూసి చాలామంది మోసపోతారు. 16 పోర్టులకూ కలిపి ఆ స్విచ్ ఇవ్వగలిగేది 120 వాట్లే కావచ్చు. అసలు చూడాల్సింది ఈ మొత్తాన్నే.

కర్నూలులో ఒక రెండంతస్తుల ఆఫీసు ఉందనుకుందాం. 120 వాట్ల స్విచ్‌కు ఐదు యాక్సెస్ పాయింట్లు, ఎనిమిది కెమెరాలు తగిలించారు. పగలంతా వైఫై బాగుంటుంది. సాయంత్రం ఆరున్నర దాటగానే ఏదో ఒక యాక్సెస్ పాయింట్ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది.

ముందుగా స్విచ్, యాక్సెస్ పాయింట్ రెండూ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తున్నాయో చూడండి. స్విచ్ కూడా అప్పుడే రీబూట్ అయి ఉంటే తప్పు యూపీఎస్‌లోనో కరెంటు సరఫరాలోనో ఉంటుంది. స్విచ్ రోజుల తరబడి నడుస్తూ యాక్సెస్ పాయింట్ మాత్రం నిమిషాల కిందటే లేచిందంటే పోర్టుకు కరెంటు తెగిందేమోనని అనుమానించాలి. స్విచ్ లాగ్‌లో అదే సమయానికి పవర్ నిరాకరించినట్టు ఉంటే అనుమానం నిజమైనట్టే.

తర్వాత వాడకం చూడండి. సిస్కో స్విచ్‌లో అయితే ఈ కమాండ్ చాలు:

```
show power inline
```

మిగతా వాటిలో సెట్టింగుల పేజీలో పీఓఈ విభాగం ఉంటుంది. పగలు ఒకసారి, చీకటి పడ్డాక మరోసారి చూడాలి. ఇక్కడే గుట్టు బయటపడుతుంది. పగలు యాక్సెస్ పాయింట్లు తలా 14 చొప్పున 70 వాట్లు, కెమెరాలు తలా 4 చొప్పున 32 వాట్లు, వెరసి 102. చీకట్లో కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి ఒక్కొక్కటి 7 వాట్లు లాగుతుంది. అప్పుడు మొత్తం 126. స్విచ్ తక్కువ ప్రాధాన్యం ఉన్న పోర్టును ఆపుతుంది. ఆపగానే వాట్లు మిగులుతాయి కాబట్టి మళ్లీ ఇస్తుంది, మళ్లీ చాలవు.

యాక్సెస్ పాయింట్ల పోర్టులకు వెంటనే ఎక్కువ ప్రాధాన్యం పెట్టండి. ఇది ఆ రాత్రికి మాత్రమే పనికొచ్చే ఏర్పాటు. వైఫై నిలుస్తుంది కానీ కెమెరాలు ఆరిపోతాయి, కాపలా లేని ఆఫీసుకు అది మంచిది కాదు.

అసలు పరిష్కారం కెమెరాలను వేరే పీఓఈ స్విచ్‌కు మార్చడం. రాత్రి వాడకమే 56 వాట్లు కాబట్టి 60 వాట్ల స్విచ్ ఇరుకవుతుంది. 80కి తగ్గకుండా కొనండి. పాత స్విచ్ మీద వాడకం 70 వాట్లకు తగ్గుతుంది. యాక్సెస్ పాయింట్ల గరిష్ఠ వాడకం తలా 20 అని లేబుల్ మీద ఉన్నా 100 దాటదు.

కొన్ని స్విచ్‌లు నిజంగా వాడేదాన్ని కాక, పరికరం తరగతిని బట్టి పోర్టుకు 15.4 లేదా 30 వాట్లు ముందే కేటాయించేస్తాయి. అలాంటప్పుడు వాడకం తక్కువగానే కనిపిస్తున్నా కొత్తగా తగిలించిన పరికరం అసలు లేవదు. లెక్కను కేటాయింపు అంకెలతో వేయాలి, లేదా వాడకాన్ని బట్టి ఇచ్చే పద్ధతి ఉంటే దానికి మార్చాలి.

మార్చిన రోజు చీకటి పడ్డాక, సిబ్బంది ఇంకా పనిలో ఉండగానే రెండు స్విచ్‌లలోనూ మిగులు వాట్లు మరోసారి చూడండి.