పూర్వ విద్యార్థుల కలయికకు పట్టుచీర కడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. పాతికేళ్ల తర్వాత క్లాస్‌మేట్లను కలవబోయేవాళ్ల కోసం ఇది.

– జాకెట్టు పదిహేను రోజుల ముందే వేసుకుని, చేతులు పైకెత్తి చూడండి. చీర ఎప్పటికీ సరిపోతుంది, జాకెట్టు సరిపోదు. పక్క కుట్ల లోపల గుడ్డ వదిలి ఉంటే టైలర్ విప్పి లూజు చేస్తారు. లేకపోతే కొత్తది కుట్టించాలి, పండగ వారంలో వాళ్లకు తీరిక ఉండదు.

– పాతబడినట్టు కనిపించేది చాలాసార్లు చీర కాదు, జాకెట్టు కోత. అమ్మ కట్టిన గద్వాల చీర కూడా, అంచు రంగులో మోచేతి దాకా చేతులున్న సాదా జాకెట్టుతో ఇప్పటిదిలా ఉంటుంది. మగ్గం వర్క్ జాకెట్టు మాత్రం పెళ్లికి దాచుకోండి.

– చీరను విప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఏళ్లుగా ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత మీదే చిట్లుతుంది, కట్టుకున్నాక కుచ్చిళ్ల దగ్గర చిరుగుతుంది. కలరా ఉండల వాసన పోవాలంటే నీడలో రెండు మూడు రోజులు గాలికి వేయాలి, సెంటు కొడితే పోదు.

– అట్టపెట్టెలో దాచిన పాత చెప్పుల అడుగు బొటనవేలితో నొక్కండి. పాలియురెథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన సోల్ వాడకపోయినా గాలిలోని తేమకే పొడిగా రాలిపోతుంది. నా స్నేహితురాలికి కాలేజీ మెట్ల మీదే ఊడిపోయింది, పాపం, మిగతా రోజంతా కూర్చునే ఉంది.

– నగల్లో జుమ్కాలో హారమో ఒకటే. రెండూ కలిస్తే సెట్టుగా కనిపిస్తాయి.