జీతం తక్కువ ఉన్నప్పుడు "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు?" అంటే: నా అనుభవం

ఉద్యోగం మారేటప్పుడు వచ్చే ఈ సమస్య తెలిసిందే. మూడేళ్ల అనుభవం, ఇప్పటి సీటీసీ 3.6 లక్షలు. హెచ్‌ఆర్ దాని మీద 30 శాతం కలిపితే 4.68 లక్షలు. అదే పనికి మార్కెట్లో 7, 8 ఇస్తున్నా అక్కడే ఆగిపోతుంది.

పనిచేయనివి: "కంపెనీ స్టాండర్డ్ ప్రకారం ఇవ్వండి" అనడం, శాతంలో అడగడం, జీతం పెంచి చెప్పడం (పేస్లిప్పులు, ఫారం 16 అడిగినప్పుడు దొరికిపోతాం, ఆఫర్ కూడా పోతుంది).

పనిచేసింది ఇది. ఫోన్ రాకముందే అదే రోల్‌లో ఉన్న ఇద్దరు ముగ్గుర్ని అడిగి రెండు అంకెలు కాగితం మీద రాసుకోవాలి: అడిగేది 8, అంతకంటే కిందికి దిగనిది 7. కాల్‌లో ముందు మనమే అడగాలి: "ఈ రోల్‌కి బడ్జెట్ ఎంత అనుకున్నారండీ?" చాలామంది ఎంతో కొంత చెబుతారు. చెప్పకుండా ఇప్పటి జీతమే అడిగితే నిజమే చెప్పాలి, కానీ అక్కడ ఆగకూడదు. ఒకే ఊపిరిలో: "ఇప్పుడు 3.6 అండీ, ఫ్రెషర్‌గా చేరినప్పటి స్లాబ్ అది. ఇప్పుడు రిలీజులు నేనే చూస్తున్నాను. ఈ పనికి 8 ఫిక్స్‌డ్ చూస్తున్నాను." తర్వాత మౌనం. ఇక్కడే చాలామంది "కొంచెం తగ్గినా పర్లేదు" అని తామే దిగిపోతారు.

"ఫిక్స్‌డ్" అన్న మాట వదలొద్దు. లేకపోతే వేరియబుల్, గ్రాట్యుటీ కలిపి 8 చూపిస్తారు, చేతికొచ్చేది బాగా తగ్గుతుంది.

ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని చెప్పలేను. పాత జీతం మీద ఇంత శాతమే అని రూలున్న పెద్ద సర్వీస్ కంపెనీల్లో హెచ్‌ఆర్ చేతిలో ఏమీ ఉండదు. అక్కడ చేతిలో ఇంకో ఆఫర్ లెటర్ ఉంటేనే మాట కదులుతుంది.