బ్యాచ్ క్లోజ్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

దుకాణంలోని కార్డు మిషన్‌లో కార్డు గీసినప్పుడు 'అప్రూవ్డ్' అని వస్తే కస్టమర్ బ్యాంకు ఒప్పుకుందని మాత్రమే అర్థం. డబ్బు ఇంకా మన ఖాతాకు బయలుదేరలేదు. రాత్రి సెటిల్‌మెంట్, అంటే బ్యాచ్ క్లోజ్, నొక్కితేనే మిషన్‌లోని ఆ రోజు అమ్మకాలన్నీ ఒక బ్యాచ్‌గా మన బ్యాంకుకు వెళ్తాయి. కొన్ని మిషన్లు వేళకు వాటంతటవే పంపేస్తాయి, మీది ఏ రకమో ముందే కనుక్కోండి.

• ముందుగా సమ్మరీ రిపోర్ట్ తీసి, డ్రాయర్‌లోని స్లిప్పులతో సరిచూడండి. మొత్తమే కాదు, ఎన్ని లావాదేవీలో కూడా లెక్కపెట్టండి. ఒకరోజు మా దగ్గర స్లిప్పులు 23, మిషన్‌లో 24. తేడా రూ.1,500. పేపర్ రోల్ ఇరుక్కుని స్లిప్ రాలేదని మా కుర్రాడు అదే కార్డు మళ్లీ గీశాడు. బ్యాచ్ ఇంకా తెరిచే ఉంది కాబట్టి ఒకదాన్ని వాయిడ్ చేశాం, అంటే మిషన్‌లోనే రద్దు చేశాం. క్లోజ్ అయ్యాక తెలిసుంటే రీఫండ్ పెట్టాల్సి వచ్చేది, పాపం ఆ కస్టమర్ రోజుల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది.

• సిగ్నల్, ఛార్జింగ్, పేపర్ చూసుకోండి.

• మధ్యలో ఆగిపోతే టెన్షన్ పడి 'క్లియర్ బ్యాచ్' మాత్రం నొక్కకండి. పంపని అమ్మకాలు చెరిగిపోవచ్చు. మళ్లీ సెటిల్‌మెంట్ నొక్కండి, అప్పటికీ కాకపోతే స్లిప్పులు పక్కన పెట్టుకుని బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

• 'సెటిల్‌మెంట్ సక్సెస్‌ఫుల్' అన్న స్లిప్ చేతికి వచ్చాకే షట్టర్ దించండి. దాని మీది బ్యాచ్ నంబరు, మొత్తం ఖాతా పుస్తకంలో రాసుకోండి.