సైన్-ఆఫ్ ఇవ్వనని ఉత్తరం పంపే ముందు జాగ్రత్తలు

గుంటూరు మిర్చి యార్డు వ్యాపారుల కోసం మేం చేస్తున్న చెల్లింపుల యాప్ రిలీజుకి టెస్టరుగా సంతకం పెట్టనని మొన్న మేనేజరుగారికి రాశాను. పంపే ముందు చూసుకున్నవి ఇవి.

• బగ్ ఇవాళ్టి బిల్డులోనూ వస్తోందా? పాత స్క్రీన్‌షాటు పెడితే "అది ఫిక్సయిందండీ" అన్న ఒక్క ముక్కతో ఉత్తరం పక్కకి పోతుంది.

• ఎవరైనా చేసి చూసుకునేలా రాయాలి. మాది ఇలా: రైతుకి రూ.48,000 పంపడానికి బటన్ నొక్కి, జవాబు వచ్చేలోపు డేటా ఆపాలి. యాప్ "విఫలమైంది" అంటుంది. డేటా పెట్టి మళ్లీ నొక్కితే ఖాతాలో రెండు ఎంట్రీలు, మొత్తం రూ.96,000! మొదటి రిక్వెస్టు అప్పటికే సర్వరుకి చేరింది. రెండోది కొత్త లావాదేవీ నంబరుతో వెళ్లింది కాబట్టి సర్వరు దాన్ని ఇంకో చెల్లింపు అనుకుంది.

• ఏం చేస్తే సంతకం పెడతామో చెప్పాలి. రీట్రైకి పాత నంబరే వెళ్లాలి, ఆ మార్పు వల్ల మిగతావి చెడలేదని చూసే రిగ్రెషన్ టెస్టుకి నాకో రోజు కావాలి అని రాశాను. ఈలోగా చెల్లింపు బటన్ ఆపేసి మిగతాది వదిలినా అభ్యంతరం లేదన్నాను.

• డెవలపర్ పేరు వద్దు, టికెట్ నంబరు చాలు. పక్క సీటే కదా!

• అయినా వదులుతామంటే, ఆ రిస్కు ఒప్పుకుంటున్నట్టు మేనేజరుగారే మెయిల్లో రాయాలి. ఫోన్లో "సరేలే" అంటే కుదరదు.