ఫోన్‌కు సందేశం వచ్చేలా పాత కాలింగ్ బెల్‌ను ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపేటప్పుడు

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 12 వోల్టుల ఏసీతో మోగే బెల్ అయితే, స్విచ్‌ను కదపకుండా బెల్ రెండు కొసలకు సమాంతరంగా PC817 ఆప్టోకప్లర్ ఎల్‌ఈడీని 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా కలపాలి. ఆ ఎల్‌ఈడీ 6 వోల్టులకు మించిన ఎదురు వోల్టేజీని తట్టుకోలేదు కనుక, దానికి అడ్డంగా 1N4148 డయోడును తిరగేసి పెట్టడం తప్పనిసరి. ఆప్టోకప్లర్‌లో అవతలి వైపున్న ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ను బోర్డు గ్రౌండ్‌కు, కలెక్టర్‌ను `INPUT_PULLUP` పెట్టిన పిన్‌కు కలిపితే, బెల్ నొక్కినప్పుడు ఆ పిన్ `LOW` అవుతుంది.

అయితే అది నిలకడగా `LOW`లో ఉండదు. ఏసీ తరంగంలో ఒక సగానికే ఎల్‌ఈడీ వెలుగుతుంది కాబట్టి, ఒక సెకను నొక్కితే ప్రోగ్రాంకు 50 నొక్కులుగా కనిపిస్తుంది. నా ఫోన్‌కు మొదటిరోజు వరసగా సందేశాలు వచ్చిపడింది ఇందువల్లే. చివరిసారి `LOW` కనిపించి 60 మిల్లీసెకన్లు దాటేవరకు బెల్ ఇంకా నొక్కే ఉందని లెక్కించాలి.

మన ఇళ్లలో చాలా బెల్లులు నేరుగా 230 వోల్టులతోనే నడుస్తాయి. అక్కడ ఈ సర్క్యూట్ పనికిరాదు. ఎలక్ట్రీషియన్ చేత బెల్‌కు సమాంతరంగా 230 వోల్టుల ఏసీ కాయిల్ ఉన్న రిలే పెట్టించి, కరెంటు లేని దాని కాంటాక్టులను మాత్రమే పిన్‌కు, గ్రౌండ్‌కు మధ్య కలపాలి.