రెండు పిల్లులున్న ఇంట్లో లిట్టర్ పెట్టెలు పెట్టే ముందు

☐ పిల్లులు మలమూత్రాలకు వాడే ఈ పెట్టెలకు ముందు చోటు చూసుకోండి. పర్లాకిమిడి, బరంపురం వైపు పాత ఇళ్లలో గదులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, నడవడానికి ఒకటే దారి. పెట్టెలన్నీ వెనక వసారాలో పెడితే, గడుసు పిల్లి గుమ్మంలో కదలకుండా కూర్చుని రెండోదాన్నే చూస్తుంది. కొట్టదు, అరవదు. మనకు అది పడుకున్నట్టే కనిపిస్తుంది. రెండోది మాత్రం వెనక్కి తిరిగి మంచం కింద పోస్తుంది. అందుకే మూడు పెట్టెలు కావాలి, అవి వేర్వేరు గదుల్లో ఉండాలి. పక్కపక్కన పెట్టిన మూడూ పిల్లికి ఒకటే. అన్నం గిన్నె దగ్గర అసలు పెట్టకండి. మూత పెట్టెలు కూడా వద్దు, లోపలున్న పిల్లికి తప్పించుకునే దారి ఉండదు.

☐ పెద్ద పిల్లిని ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలవండి. పెట్టె పొడవు దానికి ఒకటిన్నర రెట్లుండాలి. పిల్లి 45 సెంటీమీటర్లుంటే పెట్టె 68. కొట్లో దొరికేవి సాధారణంగా చిన్నవి. బట్టల ప్లాస్టిక్ డబ్బాకు ఒకవైపు కిందకి కోసి, అంచు నున్నగా రుద్దితే సరిపోతుంది.

☐ పెట్టెలో పోసే లిట్టర్ సన్నగా, సెంటు వాసన లేకుండా, తడికి గడ్డకట్టేదై ఉండాలి. 5 సెంటీమీటర్ల మందం పోయండి. ఏటి ఇసుక చవకే గానీ గడ్డకట్టదు, మూత్రం అడుక్కి దిగి కంపు కొడుతుంది. వానాకాలంలో మిగిలిన సంచిని గట్టి మూత డబ్బాలో దాచండి.

☐ మగపిల్లి పెట్టెలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే లిట్టర్ మార్చి చూడకండి. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.