డ్రాఫ్ట్ బాగుంది, వాదన లేదు: లక్షణాలు, కారణం, మరమ్మతు

అమ్మా,

‘గోదావరి ఆనకట్ట - సామాజిక, ఆర్థిక ప్రభావాలు: ఒక పరిశీలన’ అన్న నీ థీసిస్ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. తెలుగు చక్కగా ఉంది. ఫుట్‌నోట్లలో నాకు తప్పు దొరకలేదు. 1832-33 గుంటూరు కరువు నుంచి 1847లో ధవళేశ్వరంలో పని మొదలవడం, 1852లో పూర్తవడం దాకా నడిపిన తీరు ఎవరినైనా చదివిస్తుంది. అయినా పుస్తకం మూశాక ‘ఈ అమ్మాయి ఏమంటోంది?’ అని నన్ను నేను అడుగుకుంటే జవాబు రాలేదు. ఆ లోపం ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో, ఎలా సరిచేయాలో వరసగా రాస్తున్నాను. పెన్సిల్ దగ్గర పెట్టుకుని చదువు.

ఎలా తెలుస్తుంది

మొదటి లక్షణం పేరాల మొదట్లోనే కనిపిస్తుంది. రెండో అధ్యాయంలో చాలా పేరాలు ‘కాటన్ 1845 నివేదికలో’, ‘1907 నాటి జిల్లా గెజిటీర్ ప్రకారం’, ‘చరిత్రకారుల అభిప్రాయంలో’ అంటూ మొదలవుతాయి. ఆ అధ్యాయం ప్రింటు తీసి, ఇతరుల మాటలున్న వాక్యాల కింద నీలం గీత, రికార్డులో ఉన్న విషయాల కింద ఆకుపచ్చ గీత గియ్యి. నువ్వు మాత్రమే అనగలిగిన వాక్యం కింద ఎర్రగీత పెట్టు. నేను గీసి చూశాను. ఎర్రగీతలు పడినవన్నీ ‘ఇప్పుడు రవాణా గురించి చూద్దాం’ లాంటి వాక్యాలే.

రెండోది అధ్యాయాల ముగింపు. మూడో అధ్యాయం చివర ‘ఈ విధంగా ఆనకట్ట డెల్టా రైతుకు ఎంతో మేలు చేసింది’ అన్నావు. ఆ వాక్యంలో ‘చేసింది’ని ‘చేయలేదు’గా మార్చి చూడు. చదువుకున్న మనిషి ఎవరైనా ఆ ఎదురు వాక్యాన్ని పట్టుకుని నీతో గంటసేపు వాదిస్తాడా? వాదించడు. ఎవరూ కాదనలేని మాట వాదన కాదు, సమాచారం.

మూడోదాన్ని నేను అన్నిటికన్నా నమ్ముతాను. మూడో అధ్యాయం సాగు, నాలుగు రవాణా, ఐదు సామాజిక మార్పు. వాటిని తారుమారు చేసి కుట్టినా థీసిస్‌కు నష్టం లేదు. వాదన ఉన్న థీసిస్‌లో నాలుగో అధ్యాయం మూడోదాని మీద నిలబడుతుంది, ఒకటి లాగితే రెండోది కూలుతుంది. నీవి పక్కపక్కన పేర్చిన బుట్టలు.

ఎందుకిలా అయింది

శ్రద్ధ లేక కాదు. శీర్షికలోనే ‘ప్రభావాలు’ అన్న మాట పెట్టుకున్నావు. ఆ మాట ఏరుకు రమ్మంటుంది, అంతేగాని ఏదీ అడగదు. ప్రభావాలంటే ఎన్నైనా దొరుకుతాయి, ఏది ముఖ్యమో, ఏది దేనికి అడ్డమో తేల్చాల్సిన అవసరమే రాదు. సినాప్సిస్ రోజున ఆ శీర్షికకు ఒప్పుకున్న తప్పు నాది కూడా.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ వాక్యం బాగా నడుస్తుంది కాబట్టి లోపల ఖాళీ నీకు కనబడలేదు. గతుకుల తెలుగు రాసేవాళ్లు మధ్యలో ఆగి ‘నేనేం చెబుతున్నాను?’ అనుకుంటారు. నువ్వు ఆగాల్సిన చోట సాఫీగా దాటిపోయావు.

చేయకూడని మరమ్మతులు

ఈ ఉత్తరం చదివి మరో ఇరవై పుస్తకాలు తెచ్చుకోవద్దు, నీలం గీతలే పెరుగుతాయి. పేరాకోసారి ‘నా అభిప్రాయంలో’ అని చేర్చవద్దు. కొత్తదనం కోసం కాటన్‌ను తిట్టవద్దు, పొగడ్తను తలకిందులు చేసినంతలో వాదన కాదు. ముందొక సిద్ధాంతాల అధ్యాయం అతికించడం కూడా దండగే.

ఏం చేయాలి

నీ సొంత పేజీల్లో ఒకదానితో ఒకటి పొసగని రెండు విషయాలు వెతుకు. నాకు ఒక జత కనిపించింది.

మూడో అధ్యాయంలో కాలువలు పొలాలు తడిపాయన్నావు. నాలుగులో అవే కాలువల మీద పడవలు నడిచాయనీ, ఏలూరు కాలువ గోదావరి డెల్టాను కృష్ణా డెల్టాతో కలిపిందనీ, కాటన్ రైళ్లకన్నా పడవ కాలువలే మేలని పట్టుబట్టాడనీ రాశావు. రెండూ నిజమే. రెండింటినీ లాభాల కింద కూడేశావు. కానీ ఆ కాలువలో ఉన్నది ఒకటే నీరు కదమ్మా! పడవకు లోతు కావాలి, వేగం తక్కువ ఉండాలి, అందుకే లాకులు కట్టి నీటిని నిలబెడతారు. పొలానికి ఆ నీరు తూముల గుండా బయటికి వెళ్లిపోవాలి. వరద నెలల్లో సార్వాకు ఈ పేచీ రాదు, ఇద్దరికీ సరిపడా నీరుంటుంది. నది సన్నబడ్డాక, దాళ్వా వేయాలన్న రైతు ఒక పక్క, సరుకు ఎత్తిన పడవవాడు ఇంకో పక్క నిలబడితే ఇంజనీరు ఎవరి మాట విన్నాడు?

ఇది ప్రశ్న. దీనికి నువ్వు చెప్పబోయే జవాబును ఇప్పుడే ఒక వాక్యంగా రాసుకో. ఉదాహరణకు: ‘1900లో రాజమండ్రి దగ్గర రైలు వంతెన తెరుచుకునే దాకా, నీరు తక్కువైన నెలల్లో కాలువల నిర్వహణ పడవల వైపే మొగ్గింది, ఆ భారం కాలువల చివరనున్న శివారు భూముల మీద పడింది.’ దీన్ని కాదనేవాళ్లు ఉంటారు. రికార్డులే కాదనవచ్చు. కాదంటే వాక్యం మార్చు, ప్రశ్న మార్చవద్దు. నీటి విషయంలో పేచీయే రాలేదని తేలినా, రెండు అవసరాలను ఎలా సర్దారో చూపించడం కూడా కొత్త జవాబే.

సాక్ష్యం ఎక్కడ వెతకాలంటే, ప్రజా పనుల శాఖ వార్షిక నివేదికలు మొదట చూడు. వేసవిలో మరమ్మతులకు కాలువలు ఏ తేదీన కట్టేశారు, ఏ తేదీన వదిలారు, ఆ తేదీలు జరపమని ఎవరు అడిగారు, ఈ మూడూ ఒక పట్టికలో రాసుకో. తరవాత చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్. శివారు గ్రామాల అర్జీలు, శిస్తు మాఫీ కోరిన కాగితాలు అక్కడ వెతకాలి. గోదావరి డెల్టాలోని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ పెట్టుకోకు. పశ్చిమ డెల్టా ఒక్కటి చాలు, ఏలూరు కాలువ, నరసాపురం కాలువ రెండూ అందులోనే ఉన్నాయి. పది పదిహేనేళ్ల కాలం తీసుకుని, అందులో వంతెనకు ముందు కొన్నేళ్లు, తరవాత కొన్నేళ్లు ఉండేలా చూసుకో. లేకపోతే రైలు వచ్చాక ఏం మారిందో చెప్పలేవు.

ఆర్కైవ్స్‌కు బయల్దేరే ముందు ఒక వారం లైబ్రరీలో కూర్చుని, ఈ పేచీ మీద ఎవరైనా ఇప్పటికే రాశారేమో చూడు. రాసి ఉంటే కంగారు పడకు. వాళ్లు ఏ కాలువ, ఏ ఏళ్లు, ఏ కాగితాలు చూశారో రాసుకురా. నీ చోటు అక్కడి నుంచి తేలుతుంది.

ఇప్పుడున్న డ్రాఫ్ట్ చాలావరకు పనికొస్తుంది. ఆనకట్ట కట్టిన కథను నలభై పేజీల నుంచి పన్నెండుకు కుదించు. మూడు, నాలుగు అధ్యాయాలను విడదీసి నెలల వారీగా మళ్లీ కలుపు: వరద కాలం ఒక అధ్యాయం, నీరు తగ్గిన కాలం ఒకటి, రైలు తరవాత ఒకటి. ఐదో అధ్యాయంలో శివారు గ్రామాలకు సంబంధించినది ఉంచి మిగతాది వేరే వ్యాసానికి దాచుకో. బాగా రాసిన పేజీలు తీసేయడం కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు.

వచ్చే సోమవారం అధ్యాయాలేవీ తేవద్దు. ఒకే కాగితం తీసుకురా. పైన ప్రశ్న, దాని కింద నీ జవాబు వాక్యం, దాని కింద ఆ జవాబు తప్పని తేల్చగల కాగితం ఏమిటో రాసి ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి నా గదిలో ఉంటాను.

ఆశీస్సులతో,
మీ గైడ్